పుట్టిన తేదీ తప్పుపడి అమ్మ మెయిల్ ఖాతా ఆగిపోయింది: పాన్‌లో పేరు వేరుగా ఉంటే ఒప్పుకుంటారా?

అమ్మ పుట్టింది 1962లో. ఫోన్ కొన్న షాపులో మెయిల్ ఖాతా తెరిచినప్పుడు పుట్టిన సంవత్సరం 2016 అని పడింది. ఇన్నాళ్లూ ఇబ్బంది లేదు. పోయిన సోమవారం ఆ తేదీ ప్రకారం వయసు 13 లోపే ఉందని ఖాతా ఆపేశారు. 30 రోజుల్లో వయసు రుజువు చేయకపోతే మెయిళ్లు, ఫొటోలు అన్నీ తీసేస్తామని స్క్రీన్ మీద వస్తోంది. బ్యాంకు, పెన్షన్ మెయిళ్లన్నీ అందులోకే వస్తాయి కాబట్టి చాలా కంగారుగా ఉంది.

సెట్టింగ్స్‌లో తేదీ మారుద్దామంటే లాగిన్ కాగానే నేరుగా వయసు రుజువు పేజీకే వెళ్తోంది. అక్కడ రెండే దారులున్నాయి: క్రెడిట్ కార్డు లేదా ప్రభుత్వ గుర్తింపు కార్డు ఫొటో. అమ్మకు క్రెడిట్ కార్డు లేదు, రూపే డెబిట్ కార్డు ఇస్తే ఒప్పుకోలేదు. మొదటి ఎనిమిది అంకెలు కప్పి ఆధార్ పంపితే, పుట్టిన తేదీ కనబడలేదని తిప్పి పంపారు. అంకెలు కప్పినందుకు కాదనుకుంటా. అది పాత ఆధార్, దాని మీద తేదీ, నెల లేకుండా సంవత్సరం ఒక్కటే ఉంది.

పాన్ కార్డులో పూర్తి తేదీ ఉంది. కానీ పేరు ఇంటిపేరుతో సహా ‘వెంకట లక్ష్మి’ అని ఉంది, ఖాతాలో ‘లక్ష్మి’ అని మాత్రమే ఉంది. ఖాతా ఆగి ఉండగా పేరు మార్చే వీలు లేదు. ఆధార్‌లో తేదీ సరిచేయించి కొత్తది వచ్చేసరికి గడువు దాటిపోతుందేమో.

ఇలా పేరు పూర్తిగా కలవని పాన్ కార్డుతో వయసు రుజువు చేసి, ఖాతా తిరిగి తెరిపించుకున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా?