బిట్ ఎర్రర్ రేటు నివేదికలో దోషాలేవీ రాని బిందువును ఎలా చూపాలి?

విశాఖపట్నంలో ఇంజనీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాను. ల్యాబ్‌లో గ్రే కోడింగ్‌తో క్యూపీఎస్‌కే సిగ్నల్‌కు గాసియన్ నాయిస్ కలిపి, ఒక్కో నాయిస్ స్థాయి వద్ద లక్ష బిట్లు పంపి, తప్పుగా అందినవాటిని లెక్కించాను. నివేదికలో ఉద్దేశం, సిద్ధాంతం రాయడం తేలికగానే అయింది. చిక్కంతా ఫలితాల దగ్గరే ఉంది.

మొదట నా వక్రరేఖ సిద్ధాంత రేఖకు 3 డీబీ కుడివైపున కనిపించింది. నేను తీసుకున్నది సింబల్ శక్తి నిష్పత్తి, సూత్రంలో ఉన్నది బిట్ శక్తి నిష్పత్తి. ఒక్కో సింబల్‌లో రెండు బిట్లుంటాయి కనుక ఆ తేడా వచ్చిందని గ్రహించి, అక్షాన్ని Eb/N0 లోకి మార్చగానే రెండు రేఖలూ కలిశాయి. గ్రాఫ్ చూసేవారికి ముందే తెలియాలి కాబట్టి ఈ మార్పిడిని పద్ధతి విభాగంలోనే రాశాను. అది సరైన చోటేనా?

అసలు సందేహం ఇది. 8 డీబీ వద్ద 21 దోషాలు వచ్చాయి, 10 డీబీ వద్ద ఒక్కటీ రాలేదు. అక్కడ సిద్ధాంతం చెప్పే రేటు సుమారు 3.9 × 10⁻⁶ కనుక లక్ష బిట్లలో దోషం కనిపించకపోవడం సహజమే, కానీ సున్నాను లాగరిథమిక్ అక్షంపై గుర్తించలేము. ఆ బిందువును వదిలేయడం నాకు నిజాయితీగా అనిపించడం లేదు. 95 శాతం విశ్వాసంతో 3/N, అంటే 3 × 10⁻⁵, అనే పై హద్దును కిందికి చూపే బాణంతో గీసి, కారణాన్ని చర్చలో రాస్తే సరిపోతుందా? లేక 100 దోషాలు పోగయ్యేలా సుమారు రెండున్నర కోట్ల బిట్లతో మళ్లీ కొలవాలా? ఇలాంటి నివేదికలు దిద్దిన అనుభవమున్నవారు దయచేసి చెప్పగలరు.