డాక్టర్లు, ఇంజనీర్లు, ఆడిటర్ల మీద స్టేజీ జోకులు: ఎక్కడ ఆగాలి?

జేకేపూర్ కుర్రాడు: రాయగడలో మన తెలుగువాళ్ల ఉగాది కార్యక్రమానికి యాంకరింగ్ నాది. ముందు వరుసలో పేపర్ మిల్లు ఇంజనీర్లు, డాక్టర్లు, ఆడిటర్లు కూర్చుంటారు. అందరికీ తెలిసిన జోకులే కదా, వేసేయొచ్చా?

గుణుపురం బాబాయ్: వేసేయ్. మనిషిని కాదు, వృత్తిని అంటున్నావు. ఎవరికీ తగలదు.

పర్లాకిమిడి మాష్టారు: అది హాల్లో ఆ వృత్తివాళ్లు పదిమంది ఉంటేనే బాబాయ్. ఆడిటర్ ఒక్కడే ఉంటే తలలన్నీ అటే తిరుగుతాయి, అప్పుడది ఆ మనిషి మీద జోకే అవుతుంది.

ఇంకోటి, ఆ వృత్తివాళ్లు గర్వపడే గుణాన్నే సాగదీయాలి. కాంక్రీటు డిజైన్‌లో ఇంజనీరు మామూలుగా బరువుని 1.5తో గుణించి లెక్కేస్తాడు. అందుకే "మా ఇంజనీరు గారింటి పెళ్లికి 200 మంది వస్తారంటే 300 విస్తళ్లు వేశారు" అను. ఆయన జాగ్రత్తనే అన్నావు కాబట్టి ముందు ఆయనే నవ్వుతాడు. అదే కూలిన వంతెన జోకు వేస్తే ఆయన పనితనాన్ని అన్నట్టు. నవ్వొచ్చినా పలచగా వస్తుంది, ఆ వరుసలో చేతులు కట్టుకుని కూర్చుంటారు. అది చూశాక అదే దారిలో రెండో జోకు వేయకు.

ఆడిటర్లది మరీ లోపలి జోకు అవ్వకూడదు. లెక్కలో తేడా 9తో భాగింపబడితే అంకెలు తారుమారయ్యాయేమోనని ముందు వెతుకుతారు: 540కి 450 రాస్తే తేడా 90. ఇది వాళ్ల టేబుల్ దగ్గరే పేలుతుంది, మిగతా హాలుకి ఎక్కదు. మార్చి 31 రాత్రి సంగతైతే అందరికీ తెలుసు.

కొత్తబస్టాండ్: టీచర్ల మీద ఉంటే చెప్పండి, మా స్కూలు ఫంక్షన్‌కి కావాలి.

బరంపురం మందుల షాపు: డాక్టర్ల చేతిరాత జోకు వద్దే వద్దు. పాము కాటుతో కొడుకు పోయిన కుటుంబం పరిహారం కేసులో పోస్టుమార్టం రిపోర్టు చదవలేక, స్పష్టంగా రాయాలని 2024 జనవరిలో ఒడిశా హైకోర్టు చెప్పింది. చీటీలో ఒక అక్షరం తప్పు చదివితే మందే మారిపోతుంది. నష్టపోయేది రోగి.

గుణుపురం బాబాయ్: అంతమాత్రానికి మానేస్తామేటి? హైకోర్టే చెప్పిందంటే, అందరి ముందూ అనాల్సిన మాటే కదా!

పర్లాకిమిడి మాష్టారు: అనాల్సిందే, నిలదీసినట్టు అనాలి. ఉగాది స్టేజీ మీద అయితే డాక్టరు పక్షాన నిలబడు: "పెళ్లి పంక్తిలో డాక్టరు గారి ఆకు ముందుకి పప్పు కంటే ముందు పక్కాయన షుగర్ రిపోర్టు వస్తుంది." ఇందులో దొరికిపోయేది మనమే.

బరంపురం మందుల షాపు: ఇది బాగుంది. చేతిరాత మీద మాత్రం నా మాట అదే.

గుణుపురం బాబాయ్: నాదీ అదే.