లేఅప్: డ్రిబుల్ కలపంగనే అడుగులు తారుమారు, ఏ మెట్టు తప్పింది?

హనుమకొండ_పీఈటీ: ఏడో తరగతి పిల్లలకు బాస్కెట్‌బాల్ లేఅప్ నేర్పిస్తున్న, సిమెంటు కోర్టు. బాల్ పట్టుకొని నిలబడి కుడి, ఎడమ వేసి ఎగరమంటే బాగనే ఎగురుతున్నరు. ఒక్క డ్రిబుల్ కలిపితే సగం మంది కుడి కాలు మీద లేస్తున్నరు. పక్కన ఒకణ్ణి నిలబెడితే అంతా పాయె.

కాజీపేట_హూప్స్: మెట్లు గిట్ల వద్దు సార్. త్రీ పాయింట్ లైన్ నుంచి ఉరికించండి, కాళ్లు అవే పడతయి. రెండు అడుగులూ పెద్దగ వేయమనండి.

పాత_పాయింట్‌గార్డ్: మొదటి అడుగు పెద్దగుండాలె, నిజమే. రెండోది పొట్టిగ పడితేనే ముందుకు పోయే వేగం పైకి తిరుగుతది. లేకపోతే బోర్డు కిందికి జారిపోయి బాల్‌ను రింగు అడుగుకు కొడతరు.

పీఈటీ సార్, మీ దగ్గర తప్పింది ఆఖరి డ్రిబుల్. అది ఎడమ కాలుతో పాటే నేలను తాకాలె. కుడి కాలుతో పడితే మిగిలిన రెండడుగులు ఎడమ, కుడి అయితయి. కుడి కాలు మీద లేచుడు అందుకే. రింగుకు కుడి పక్క 45 డిగ్రీల కోణంల నిలబెట్టి, ఎడమ కాలు వేస్తూ ఒక్క డ్రిబుల్ కొట్టించండి. బాల్ చేతికొచ్చేసరికి కుడి పడాలె, తర్వాత ఎడమ, ఎగురుడు. చాక్‌పీసుతో మూడు గుర్తులు గీయండి, ఆఖరిది రింగుకు మీటరు ఇవతల. పదిట్ల ఎనిమిది సరిగ్గ పడినంకనే ఉరికించుడు.

సుజాత_కరీంనగర్: మా పాపది ఎడమ చెయ్యి. కుడి పక్క నుంచి కూడ ఎడమ చేత్తోనే వేస్తది. చెయ్యి మార్పించాల్నా?

పాత_పాయింట్‌గార్డ్: ఇప్పుడే వద్దమ్మా. ఎడమ పక్క నుంచి నేర్పండి, కాళ్లన్నీ తిరగేయండి: కుడి కాలుతో పాటే డ్రిబుల్, తర్వాత ఎడమ, కుడి.

కాజీపేట_హూప్స్: సరే, డిఫెండర్‌ను రింగు కింద నిలబెడితే?

పాత_పాయింట్‌గార్డ్: దిగే జాగ ఉండదు, సిమెంటు మీద చీలమండ మెలిక పడుతది. పైగా పిల్లాడు పక్కకు తప్పించుకునుడు నేర్చుకుంటడు, లేఅప్ కాదు. లోపలి పక్కన, చేతులు పైకెత్తి కదలకుండ నిలబెట్టండి. అది కుదిరినంక ఒక అడుగు వెనుక నుంచి నడుము పక్కనే ఉరకమనండి, ఎగరొద్దు, బాల్ ముట్టొద్దు.

అప్పుడు కనబడే తప్పు ఒకటే: మనిషికి జంకి బేస్‌లైన్ దిక్కు వంగుతరు. కోణం పోతది, బాల్ బోర్డు అంచుకు తగులుతది. ఎడమ భుజం డిఫెండర్ దిక్కుంచి, బాల్‌ను కుడి తుంటి నుంచి కుడి చెవి పక్కకు నేరుగ ఎత్తమనండి. పొట్ట ముందు నుంచి తిప్పితే తర్వాత నిజం డిఫెండర్ కొట్టేస్తడు. చూపు బోర్డు మీది చతురస్రం కుడి పై మూల మీద.

హనుమకొండ_పీఈటీ: మరి 2017 నుంచి ఫీబా రూల్‌ల ఉరుకుతూ బాల్ అందుకున్నప్పుడు నేల మీదున్న కాలు లెక్కకు రాదు కదా. గదీ ఇప్పుడే చెప్పాల్నా?

కాజీపేట_హూప్స్: చెప్పాలె, మ్యాచ్‌ల పనికొస్తది.

పాత_పాయింట్‌గార్డ్: నేనైతే ఈ వయసుల చెప్ప. డ్రిబుల్, కాలు ఒకటైనంక చూద్దాం.