అప్‌డేట్: బత్తాయి సర్వేకు నేమన్ కేటాయింపే తీసుకున్నాను

నా ప్రశ్న: "నల్గొండ దగ్గర 1000 మంది బత్తాయి రైతుల్లో 110 మందిని ఎంచి సగటు దిగుబడి అంచనా వేయాలి. అనుపాత కేటాయింపు చాలదా?"

చాలదు. చిన్న రైతులు 700, మధ్యస్థులు 200, పెద్ద తోటలవారు 100 మంది. ముందు కొద్దిమందిని అడిగి చూస్తే దిగుబడి క్రమవిచలనం వరుసగా 2, 5, 20 టన్నులు వచ్చింది. అనుపాతంలో పంచితే 77, 22, 11 మంది. అంటే అంకెలు అత్యంత చెదిరి ఉన్న పెద్ద తోటల నుంచి పదకొండు మందే!

నేమన్ పద్ధతిలో ప్రతి వర్గం సంఖ్యను దాని క్రమవిచలనంతో గుణించి, ఆ నిష్పత్తిలో పంచాను: 35, 25, 50. సగటు అంచనా వేరియన్స్ 0.387 నుంచి 0.128కి దిగింది. అంటే ప్రామాణిక దోషం 0.62 టన్నుల నుంచి 0.36కి తగ్గింది. తిరిగిన ఊళ్లు, అడిగిన మనుషులు అంతే.

ఒకచోట మాత్రం పొరబడ్డాను. 110 అంకెలనూ కలిపి నేరుగా సగటు తీస్తే 22 టన్నులు వచ్చింది. ఏ చిన్న రైతూ నమ్మని లెక్క అది. వర్గాల సగటులు 4, 12, 40 టన్నులు, వాటికి 0.7, 0.2, 0.1 భారాలు వేస్తే అసలు అంచనా 9.2 టన్నులే. అనుపాత నమూనాలో ఈ భారాలు వాటంతటవే కుదురుతాయి, నేమన్‌లో మనమే వేయాలి.

ఇక మిగిలిన బెంగ పెద్ద తోటల క్రమవిచలనంగా తీసుకున్న ఆ 20 గురించే. పెద్ద తోటలవారిని ముందుగా అడిగింది ఎనిమిది మందినే. ఆ అంకె బాగా తప్పితే ఈ లాభంలో కొంత కరిగిపోతుంది.