పెద్దవాళ్ల యాత్రల ట్రావెల్స్‌కి ట్యాగ్‌లైన్: "శ్రవణ కుమారులం" బాగుంటుందా?

కాకినాడ కుర్రాడు:
అందరికీ నమస్కారం. పెద్దవాళ్లనే యాత్రలకు తీసుకెళ్లే చిన్న ట్రావెల్స్ మొదలుపెట్టాను. మొదటి యాత్ర కాశీ, తొమ్మిది నిద్రలు. బ్యాచ్‌కి 16 మంది, తోడు మేం ముగ్గురం. ట్యాగ్‌లైన్ "మీ అమ్మానాన్నలకు మేమే శ్రవణ కుమారులం" అనుకున్నాను. దాని కింద "భక్తిశ్రద్ధలతో, సకల సౌకర్యాలతో, వృద్ధుల పట్ల ప్రత్యేక శ్రద్ధతో" అని ఉంటుంది. పాంప్లెట్ రేపు ప్రింటింగ్‌కి ఇవ్వాలి. ఎలా ఉంది?

పదాలపిచ్చి:
తమ్ముడూ, కావడి వరకు కథ బాగానే ఉంది. తర్వాత ఏమైంది? నీళ్లకని వెళ్లిన పిల్లాడు దశరథుడి బాణానికి పోయాడు, ఆ దుఃఖంతో తల్లిదండ్రులూ పోయారు. అదీ యాత్ర మధ్యలోనే! అసలే కాశీకి పోయినవాడు కాటికి పోయినవాడితో సమానం అని మనకో సామెత. ఆ పేరు తీసెయ్.

ఇంకో మాట. డబ్బు కట్టేది బెంగళూరులోనో డాలస్‌లోనో ఉన్న కొడుకో కూతురో, బండెక్కేది అమ్మ. వాళ్లకు ఉండేది టెన్షన్, ఈవిడకు ఉండేది సరదా. ఒకే కాగితంతో ఇద్దరినీ ఒప్పించలేవు. పిల్లలకు వాట్సాప్‌లో ఒకటి, అమ్మ చేతికి పెద్ద అక్షరాల పాంప్లెట్ ఇంకొకటి చెయ్యి.

రైలుబండి:
"అందరికీ లోయర్ బెర్త్ గ్యారంటీ" అని పెద్దగా వెయ్యి అన్నా. సీనియర్ కోటా ఉంది కదా, టికెట్లో రాయితీ కూడా వస్తుంది.

రిటైర్డ్ టీసీ:
రాయితీ 2020 మార్చిలోనే ఆపేశారు బాబూ. కోటా మాత్రం ఉంది, మగవాళ్లకు 60, ఆడవాళ్లకు 45 దాటితే. అయితే ఆ టికెట్ మీద ఒకరు గానీ ఇద్దరు గానీ ఉండాలి, ఉన్నవాళ్లంతా ఆ వయసువాళ్లే అయ్యుండాలి. మూడో మనిషి చేరినా, తోడని కుర్రాడి పేరు రాసినా కోటా పోతుంది. అంటే ఈయన 16 మందికి ఇద్దరిద్దరు చొప్పున 8 టికెట్లు తీయాలి. తీసినా బెర్తులు తలో బోగీలో పడొచ్చు, అప్పుడు తోడున్నవాళ్లు రాత్రంతా తిరుగుతూనే ఉండాలి. గ్యారంటీ అని రాస్తే స్టేషన్లో గొడవే.

మామ్మగారు 71:
వృద్ధులు అని రాస్తే నేను రాను నాయనా. మొన్నో ట్రావెల్స్ వాళ్లూ "ప్రత్యేక శ్రద్ధ" అనే రాశారు. రామేశ్వరంలో 22 బావుల స్నానం చేయించారు, తడి రాళ్ల మీద జారుతూ ఒకరి చెయ్యి ఒకరం పట్టుకుని నడిచాం. తడి చీరతో వస్తే గది రెండో అంతస్తులో, లిఫ్టు లేదు. కింద కూర్చునే టాయిలెట్. మోకాళ్లు పట్టుకుని ఏడ్చాను. శ్రద్ధ మాట అటుంచి, కమోడ్ ఉందో లేదో రాయి.

డాలస్ అమ్మాయి:
మా నాన్నకు మోకాలి ఆపరేషన్ అయ్యింది. మీరు కేదార్‌నాథ్ తీసుకెళ్తారా?

కాకినాడ కుర్రాడు:
లేదండీ. గౌరీకుండ్ నుంచి 16 కిలోమీటర్ల పైనే ఎక్కాలి, గుడి ఉండేది 11 వేల అడుగుల పైన. గుర్రం మీదైనా డోలీలోనైనా మా బ్యాచ్‌ని అక్కడికి తీసుకెళ్లం.

పదాలపిచ్చి:
పాంప్లెట్లో లేనిది ఇదే! చెయ్యలేనిది చెప్పినవాడు చేస్తానన్నదాన్నీ నమ్ముతారు. ట్యాగ్‌లైన్ "నడక తక్కువ, తీరిక ఎక్కువ" అని పెట్టు. "దర్శనం ఎక్కువ" అనకు, గుడిలో క్యూ నీ చేతిలో లేదు. పిల్లలకు పంపేది ఇలా ఉండాలి:

"కాశీలో తొమ్మిది నిద్రలు, రోజుకు ఒక్కటే పెద్ద కార్యక్రమం. కింది అంతస్తు గది, కమోడ్, రాత్రి వెలిగే చిన్న లైటు. గొదోలియా దాటి కార్లు వెళ్లవు, అక్కడి నుంచి ఎంత నడవాలో ముందే చెబుతాం. నడవలేనివారు ఆ రోజు గదిలోనే ఉండొచ్చు, మా మనిషి తోడుంటాడు. లోయర్ బెర్తుకు ప్రయత్నిస్తాం, రాకపోతే ముందే చెబుతాం. కేదార్‌నాథ్ చేయించం. రాత్రి 8కి అమ్మ మీకు ఫోన్ చేస్తుంది."

రిటైర్డ్ టీసీ:
"ప్రయత్నిస్తాం" అంటే కట్టేవాడు వెనక్కి తగ్గడూ?

పదాలపిచ్చి:
తగ్గితే ఇప్పుడే తగ్గుతాడు, స్టేషన్లో కాదు.

డాలస్ అమ్మాయి:
రాత్రి 8 అంటే వేసవిలో మాకు పొద్దున 9:30, మీటింగుల టైమ్. ఫోన్ బదులు వాయిస్ మెసేజ్ పెట్టించగలరా?

మామ్మగారు 71:
ఎవరి టైమో చూసి మాట్లాడటానికి నేను ఖాళీగా ఉండను తల్లీ, హారతి చూసుకోవాలి.

కాకినాడ కుర్రాడు:
ఫోన్ టైమ్ ఇంకా తేలలేదు. "మీకు వీలైన టైమ్‌లో" అని రాస్తే మాట బలం పోతోంది. శ్రవణ కుమారుణ్ణి తీసేశాను, ప్రింటింగ్ ఆపించాను. మామ్మగారూ, కార్తీకంలో బ్యాచ్ ఉంది, వస్తారా?

మామ్మగారు 71:
ముందు ఆ గది బాత్రూమ్ ఫొటో పంపించు.