అత్తగారు మాతో ఉంటున్నారు: ఇంటి నిర్ణయాలు ఇద్దరివా, ముగ్గురివా?

వైట్‌ఫీల్డ్ కోడలు: మామగారు పోయాక అత్తగారు అనంతపురంలోని ఇంటికి తాళం వేసి, బెంగళూరులో మేముంటున్న రెండు పడకగదుల అద్దె ఇంటికి వచ్చేశారు. ఆవిడ మంచివారే, కానీ తలుపు తట్టకుండా మా గదిలోకి వస్తారు. పాప బడి, కొనాలనుకుంటున్న ఫ్లాటు, ఏ విషయమైనా మావారు ముందు ఆవిడతో తేల్చుకుని తర్వాత నాకు చెబుతారు. అభ్యంతరం చెప్పడం తప్పా?

విశ్రాంత ప్లీడరు: అమ్మా, తొందరపడకండి. భర్తను తల్లిదండ్రుల నుంచి వేరు చేయాలని భార్య ఒత్తిడి చేయడం క్రూరత్వమేనని సుప్రీంకోర్టు 2016లో చెప్పింది. ఆ కేసు మొదలైంది కూడా బెంగళూరు కుటుంబ న్యాయస్థానంలోనే. మీరు నోటితో అన్న మాటే రేపు మీ మీదికి రావచ్చు.

వేళచ్చేరి వాసి: మా బావమరిది ఉద్యోగం దొరికేవరకని చెన్నైలో మా ఇంటికి వచ్చాడు. ఉద్యోగం దొరికి ఏడాది దాటినా కదలలేదు, చివరికి టీవీ ఎప్పుడు కట్టేయాలో కూడా అతనే చెప్పే స్థితి వచ్చింది. వచ్చిన రోజే గడువు చెప్పకపోతే తర్వాత పంపించడం కష్టం. మీరు ఇప్పుడే తేదీ అడగండి.

జయనగర్ సలహాదారు: కుటుంబ తగాదాల్లో చాలాకాలంగా సలహాదారుగా పనిచేస్తున్నాను. ఆవిడను పంపించమని ఈ అమ్మాయి అడగలేదు, భర్తను కోల్పోయిన తల్లికి తేదీ పెట్టడం సరికాదు. ప్లీడరుగారు చెప్పిన తీర్పు నిజమే. అయితే అందులో బలమైన కారణం లేకుండా వేరు కాపురం కోసం ఒత్తిడి చేయడమే కాదు, ఆత్మహత్య బెదిరింపులూ, భర్త నడవడి మీద రుజువు కాని ఆరోపణలూ ఉన్నాయి. తలుపు తట్టి రమ్మని కోరడానికీ దానికీ పోలిక లేదు.

ఒక్క విషయం చెప్పండమ్మా, ఆవిడ మీ గదిలోకి ఏ పని మీద వస్తున్నారు?

వైట్‌ఫీల్డ్ కోడలు: బట్టలు ఆరేసే బాల్కనీకి మా గదిలోంచే దారి. రెండో గదిలో పాప మంచం, నా ఆఫీసు బల్ల ఉండటంతో ఆవిడ చీరల బీరువా కూడా మా గదిలోనే పెట్టాం.

జయనగర్ సలహాదారు: అయితే ఆవిడ మీ గదిలోకి కాదు, తన బీరువా దగ్గరికి వస్తున్నారు. మీరు తలుపు గడియ పెడితే, తన బట్టలకే తాళం పడిందని ఆవిడకు అనిపిస్తుంది. బీరువాను పాప గదిలోకి మార్చి, మీ ఆఫీసు బల్లను మీ గదిలోకి తెచ్చుకోండి. బట్టలకు మడిచే స్టాండు కొని వంటింటి వెనక పెట్టుకోండి. తలుపు గురించి ఆ తర్వాత అడిగితే ఆ మాట నొప్పించదు, ఆ మాట కూడా మీవారే చెప్పాలి.

నిర్ణయాల సంగతి ఇంతకంటే లోతైనది. నలభై ఏళ్లు ఒక ఇంటిని నడిపిన మనిషి ఆ ఇంటికి తాళం వేసి వచ్చినప్పుడు, నిర్ణయించే అలవాటు కూడా ఆవిడ వెంటే వస్తుంది. అందుకు చోటు లేకపోతే అది పాప బడి మీదికీ ఫ్లాటు మీదికీ వెళుతుంది. ఆవిడ పెన్షను పుస్తకం, ఏటీఎం కార్డు, అనంతపురం ఇంటి వ్యవహారం ఆవిడ చేతిలోనే ఉన్నాయా, కొడుకు తీసేసుకున్నారా చూడండి. నా దగ్గరికి వచ్చిన ఒక కుటుంబంలో తల్లి తన ఇంటిని అద్దెకివ్వాలా వద్దా అన్నది తానే తేల్చుకున్నాక, కొడుకు ఇంటి లెక్కల్లో జోక్యం చాలావరకు తగ్గింది.

మీవారు మారాల్సింది ఒక్కచోట. బడి గురించి ముందుగా మీరిద్దరూ మీ గదిలో మాట్లాడుకోవాలి. ఆ తర్వాత ఆయన తల్లితో "మేమిలా అనుకున్నాం" అనాలి. "తను వద్దంటోంది" అని మీ పేరు చెబితే అత్తాకోడళ్ల మధ్య పగ పెరుగుతుంది, "అమ్మ బాధపడుతుంది" అని మీ దగ్గర తల్లి పేరు చెప్పినా అంతే. ఆయన నోట ఈ మూడింటిలో ఏది వస్తోందో కొన్ని వారాలు గమనిస్తే పరిస్థితి ఎటు పోతోందో మీకే తెలుస్తుంది.

విశ్రాంత ప్లీడరు: తీర్పు విషయంలో మీ సవరణ ఒప్పుకుంటున్నాను. కానీ ఆ ఫ్లాటులో అత్తగారి డబ్బు ఉందా?

వైట్‌ఫీల్డ్ కోడలు: ఊళ్లో పొలం అమ్మి కొంత ఇస్తానన్నారు.

విశ్రాంత ప్లీడరు: అయితే ఆవిడకు మాట చెప్పే హక్కు ఉంది. డబ్బు తీసుకుని నోరు మూసుకోమనడం న్యాయం కాదు.

జయనగర్ సలహాదారు: అది అప్పా, బహుమతా, వాటానా అన్నది డబ్బు తీసుకోకముందే కాగితం మీద రాసుకోవాలి. వాటా అయితే రిజిస్ట్రేషనులో ఆవిడ పేరు ఉండాలి, అప్పుడు ఆ ఫ్లాటు విషయంలో ఆవిడ మూడో నిర్ణేతే. అది ఇష్టం లేకపోతే చిన్న ఫ్లాటు చూసుకోండి. బహుమతిగా తీసుకోవడం నాకు నచ్చదు, ఆవిడ వృద్ధాప్యానికి ఆసరా అదొక్కటే కావచ్చు.

విశ్రాంత ప్లీడరు: ఒక్కగానొక్క కొడుకుకి తల్లి ఇస్తుంటే కాగితం అడగడం నాకు సమ్మతం కాదు.

వైట్‌ఫీల్డ్ కోడలు: బీరువా మార్చడానికి మావారు ఒప్పుకున్నారు. డబ్బు గురించి కాగితం రాద్దామంటే మాత్రం, అమ్మను అవమానించినట్టవుతుందని అంటున్నారు.