అప్‌డేట్: వీడియోలు చూసి షాపుకి వస్తున్నారు

నేను అడిగింది: "మంగళగిరిలో మాకు చిన్న చేనేత చీరల షాపు ఉంది. వీడియోల మీద యాడ్ డబ్బులు అక్కర్లేదు, షాపుకి మనుషులు వస్తే చాలు. వ్యూస్ తక్కువైతే దండగేనా?"

మూడు నెలలైంది. దండగ కాదండీ.

మొదట్లో ట్యూబ్‌లైటు కింద తీశాను. గుంటూరు నుంచి ఒకావిడ వచ్చి, "వీడియోలో వంగపండు రంగు, ఇక్కడేమో నేరేడు రంగు ఉందేంటమ్మా" అని వెళ్లిపోయారు. చాలా బాధేసింది. ఇప్పుడు పొద్దున్నే అరుగు మీద, నీడలో తీస్తున్నాను. స్క్రీన్ మీద చీర దగ్గర వేలు కాసేపు నొక్కి పట్టుకుంటే ఫోకస్, వెలుతురు లాక్ అవుతాయి. లేకపోతే జరీ మెరిసినప్పుడల్లా చీర రంగు మారిపోతోంది.

వీడియోకి ఒకటే చీర, 30 సెకన్లు. ముందు నిజాం అంచు దగ్గరగా, తర్వాత పైట, ఆపైన తిప్పి వెనకవైపు. ధర, జాకెట్ ముక్క సంగతి నా నోటితోనే చెప్తాను.

చీర కట్టే పద్ధతి చూపించిన వీడియోకి 40 వేల వ్యూస్ వచ్చాయి, దాన్ని చూసి ఒక్కరూ షాపుకి రాలేదు. గుడి దగ్గర నుంచి మా షాపుకి దారి చూపించి, 1,450 రూపాయల చీర పెట్టిన వీడియోకి 900 వ్యూసే. కానీ ఆ వారం 11 మంది వచ్చారు. బిల్లు రాసేటప్పుడు "ఏ వీడియో చూసి వచ్చారు?" అని అడిగి పుస్తకంలో రాసుకుంటున్నాను కాబట్టి తెలిసింది.

ఇంకొకటి, చీర అమ్ముడైన వెంటనే ఆ వీడియో కింద "అయిపోయింది" అని రాసేస్తున్నాను. బస్సెక్కి దానికోసమే వచ్చేవాళ్లున్నారు.